"బువ్వ అయిందా?" అంటే ఏం చెప్పాలి?

జుమా నమాజు ముగిసి జనం బయటికొచ్చే వేళ మడకశిర బజారులో కాసేపు నిలబడితే ఒకే ప్రశ్న మూడు భాషల్లో వినిపిస్తుంది. మన ఇళ్ళవాళ్ళు దక్కనీ ఉర్దూలో "ఖానా హువా?" అని పలకరించుకుంటారు. అంగడి ముందు కూర్చున్న తెలుగాయన "ఏం సాయిబూ, బువ్వ అయిందా?" అంటాడు. సరిహద్దు దాటి పావగడ వైపు నుంచి వచ్చిన కన్నడిగుడు "ఊట ఆయ్తా?" అంటాడు. మూడింటికీ జవాబు ఒక్కటే. "అయింది, మీది?" అంతే. అడిగినవాడు జవాబు కోసం ఆగడు, చెప్పినవాడు ఎదుటివాడి జవాబు వినడానికి ఆగడు. ఇద్దరూ నవ్వుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోతారు.

మధ్యాహ్నం రెండు గంటలైనా ఇంకా అన్నం ముట్టనివాడు కూడా "అయింది" అనే అంటాడు. పైగా పొద్దున అడిగినవాడే సాయంత్రం మళ్ళీ అడుగుతాడు. మరి ఈ ప్రశ్న వల్ల ఎవరికి ఏం తెలిసినట్టు? ఏమీ తెలియలేదు. అయినా ఈ ప్రశ్న అడక్కపోతే మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది!

ఇలాంటి మాటలకు పండితులు ఒక పేరు పెట్టి నూరేళ్ళు దాటింది. పోలండులో పుట్టిన బ్రానిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు 1915, 1918 మధ్య న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో ఆ జనంతోనే కలిసి ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ మాటలు రాసుకున్నాడు. 1923లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: మనుషులు మాట్లాడే మాటల్లో ఒక రకం ఉంది, అందులో సమాచారం ఉండదు, ఆలోచన ఉండదు. ఆ మాటలు ఇద్దరి మధ్య బంధం కట్టడానికి మాత్రమే పుడతాయి. వీటిని ఆయన 'ఫాటిక్' మాటలన్నాడు. పలకడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసిన పేరది. మనం 'పలకరింపు' అంటే సరిపోతుంది. మన మాటలోనూ 'పలుకు' ఉంది కదా.

ఆయన ఇచ్చిన ఉదాహరణలు చూస్తే మడకశిరవాళ్ళకు నవ్వొస్తుంది. ఇంగ్లీషువాళ్ళు "ఈరోజు వాతావరణం బాగుంది" అని పలకరించుకుంటే ఆ దీవులవాళ్ళు "ఎక్కడి నుంచి వస్తున్నావు?" అంటారట. మన బస్టాండు దగ్గర "యాడ నుంచి వస్తాండారు?" అనేది అచ్చం ఇదే. పరిచయం లేనివాడు ఎదురుపడి నోరు మెదపకపోతే మనుషులకు బెరుకు పుడుతుందనీ, ఆ బెరుకును తీసెయ్యడానికే ఈ మాటలు అవసరమయ్యాయనీ ఆయన అన్నాడు. మౌనంగా ఉన్నవాడు ఏ ఉద్దేశంతో వచ్చాడో మనకు తెలియదు. నోరు తెరిచి ఏదో ఒకటి అన్నాడంటే వీడు శత్రువు కాడని తేలిపోతుంది.

ఇంతవరకూ మాలినోవ్‌స్కీ మాట మాకు బాగానే ఉంది. అయితే పలకరింపులో సమాచారం ఉండదన్నంత మాత్రాన దానికి ఇచ్చే జవాబు ఎలా ఉన్నా ఫర్వాలేదని అనుకుంటే అక్కడ దెబ్బ తింటాం. మాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాం.

అన్నిటికీ జవాబు చెప్పాడు, అయినా...

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రవాడు బక్రీదుకు మడకశిర వచ్చాడు. మరునాడు టీ అంగట్లో కూర్చుని ఉంటే, తండ్రికి ముప్పై ఏళ్ళ స్నేహితుడైన ఒక పెద్దాయన కనిపించాడు. పల్లెలో మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు పెంచే రైతు. ఈ కుర్రవాడు చిన్నప్పుడు ఆ తోటలోనే ఆడుకున్నవాడు. ఆయనే ముందు పలకరించాడు.

"ఎప్పుడొస్తివి నాయనా?"

"నిన్న రాత్రి."

"బస్సుకేనా?"

"ఆ."

"నాయన బాగుండాడా?"

"బాగుండాడు."

పెద్దాయన ఇంకో క్షణం చూశాడు. కుర్రవాడి కళ్ళు ఫోను మీద ఉన్నాయి. "సరే నాయనా" అని టీ గ్లాసు పెట్టేసి పోయాడు. వారం తర్వాత ఆయన కుర్రవాడి తండ్రితో అన్నది ఒక్క మాటే. "మీవాడు పెద్దోడైపోయినాడప్పా." తండ్రికి అది ఈటె దిగినట్టయింది. ఫోనులో కొడుకును నిలదీస్తే వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అడిగినదానికంతా జవాబు చెప్పినా కదా అబ్బా! ఒక్కటైనా అబద్ధం చెప్పినానా?"

కుర్రవాడి మాటలో తప్పు లేదు. మూడు ప్రశ్నలకూ మూడు నిజమైన జవాబులు ఇచ్చాడు. పోలీసు విచారణలో అయితే మంచి సాక్షే. కానీ పెద్దాయన బస్సు వేళలు తెలుసుకోవడానికి అడగలేదు. తండ్రి ఆరోగ్యం సంగతి ఆయనకు కొడుకు కన్నా బాగా తెలుసు, ముందురోజే ఇద్దరూ కలిశారు. ఆయన అడిగింది వేరు. "నేను నిన్ను గుర్తుపట్టినాను, నువ్వు నన్ను గుర్తుపట్టినావా?" అన్నది ఆయన ప్రశ్న. మూడుసార్లు, మూడు రకాలుగా అదే అడిగాడు. మూడుసార్లూ దానికి మాత్రం జవాబు రాలేదు.

ఆ జవాబు ఎలా ఉండేది? "నిన్న రాత్రి వస్తి పెద్దనాయనా. మీరు బాగుండారా? పురుగులు ఎన్నో జ్వరంలో ఉండాయి?" ఇంతే. (పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది. మన రైతులు దాన్ని జ్వరమంటారు. గూడు కట్టేలోగా నాలుగుసార్లు వస్తుంది.) ఇందులో పెద్దాయన ప్రశ్నకు నేరుగా ఇచ్చిన జవాబు రెండు మాటలే. మిగిలినదంతా తిరిగి ఇచ్చినది. 'పెద్దనాయనా' అనే వరుస ఆయన స్థానాన్ని ఆయనకు తిరిగి ఇచ్చింది. 'బాగుండారా' ఆయన అడిగినదాన్నే తిరిగి అడిగింది. చివరి ప్రశ్న మాత్రం ఇంకెవరినీ అడగలేనిది. ఆయన బతుకు మనకు గుర్తుందని చెప్పే ప్రశ్న అది. పలకరింపుకు జవాబులో అసలు బరువు ఈ మూడోదాని మీదే ఉంటుందని మా అనుభవం. ఎవరినైనా అడగదగిన ప్రశ్న ఎవరినీ అడగనట్టే.

తిరిగి ఇవ్వడం అన్నాం కనుక, మన పాఠకులకు వెంటనే గుర్తొచ్చే ఆదేశం ఒకటుంది. దివ్య ఖురాన్ నిసా సూరా 86వ ఆయతులో, ఎవరైనా మీకు అభివాదం చేస్తే అంతకంటే మేలైనది తిరిగి ఇవ్వండి, లేదా కనీసం అంతటిదైనా ఇవ్వండి అన్న భావం ఉంది. ఇక్కడ గమనించవలసింది కొలత. తక్కువ ఇవ్వడానికి వీలు లేదు. 'అస్సలాము అలైకుమ్' అన్నవాడికి 'వ అలైకుమ్ అస్సలామ్ వ రహ్మతుల్లాహ్' అంటే ఒక మెట్టు పైకెక్కినట్టు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో వచ్చిన హదీసు ప్రకారం, ఒకరు వచ్చి సలాం మాత్రమే చెబితే దైవప్రవక్త ముహమ్మద్ (స) పది అన్నారు. ఇంకొకరు రహ్మత్ కూడా చేరిస్తే ఇరవై అన్నారు. మూడోవారు బర్కత్ కూడా చేరిస్తే ముప్పై అన్నారు. సలాం మొదలుపెట్టడం సున్నత్ అనీ, జవాబు ఇవ్వడం విధి అనీ ఉలమాలు చెబుతారు. చూడండి, బరువు అడిగినవాడి మీద కాదు, జవాబు చెప్పేవాడి మీదే పడింది.

సలాము దుఆ కూడా కనుక దాన్ని 'బువ్వ అయిందా'తో సమానం చేయడం లేదు. కానీ టీ అంగట్లో తండ్రి స్నేహితుడు "బాగుండావా?" అన్నప్పుడు ఆ కొలత మనకు పనికొస్తుందా లేదా? వస్తుందనే మేమనుకుంటాం. అభివాదం అన్న మాట అరబ్బీ సలాం దగ్గరే ఆగిపోవాలా, ఎవరు ఏ భాషలో మేలు కోరి పలకరించినా వర్తిస్తుందా అన్నదాని మీద వ్యాఖ్యాతల్లో చర్చ ఉంది. అది ఉలమాల పని. మేము చూస్తున్నది జవాబు తక్కువైతే ఎదుటి మనిషి మొహంలో ఏమవుతుందన్నది మాత్రమే.

ఎవరు ముందు నోరు విప్పాలన్న విషయంలో కూడా ఒక ముచ్చట ఉంది. సహీ బుఖారీలోని హదీసు ప్రకారం వాహనం మీదున్నవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి సలాం చెప్పాలి. జాన్ లేవర్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు 1975లో పలకరింపుల మీద రాసిన వ్యాసంలో ఇలాంటి సంగతే చెప్పాడు. ఒకచోట కదలకుండా ఉన్నవాడి దగ్గరికి కదిలి వచ్చేవాడే ముందు మాట్లాడతాడు, తన రాక మంచికేనని తెలపడానికి అన్నాడు. ఇప్పుడు మన టీ అంగడి లెక్క చూడండి. కుర్రవాడు కూర్చుని ఉన్నాడు, పెద్దాయన నడిచి వచ్చాడు. కాబట్టి ఆయన ముందు పలకరించడం పద్ధతే. పెద్దాయనే ముందు పలకరించవలసి వచ్చిందని తండ్రి బాధపడ్డాడు గానీ, తప్పు అక్కడ లేదు. జవాబులోనే ఉంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. దాన్ని చేసేవాళ్ళు తక్కువే గానీ, వాళ్ళను చూస్తే జనం సందు మారుస్తారు. "బాగుండారా?" అన్న పాపానికి రాత్రి పట్టిన దగ్గు, మూడో బోరు ఎండిన వైనం, బ్యాంకులో ఇచ్చిన తేదీ అన్నీ నిలబెట్టి చెప్పేవాళ్ళు. వాళ్ళది కూడా ఆ కుర్రవాడి తప్పే. ఇద్దరూ దాన్ని నిజంగా సమాచారం కోసం వేసిన ప్రశ్న అనుకున్నారు. ఒకరు క్లుప్తంగా చెప్పారు, ఒకరు వివరంగా చెప్పారు.

వాన మాట వేరు

ఇంగ్లండులో వాతావరణం గురించి మాట్లాడితే ఎవరికీ ఏ నష్టమూ లేదు కనుక అది పలకరింపుకు మంచి సరుకు. మడకశిరలో అలా కాదు. 2022 ఏప్రిల్ దాకా మనం అనంతపురం జిల్లాలో ఉన్నాం, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మబ్బు మారలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే నేల, అదీ అదునులో కురిస్తే. చెనక్కాయ విత్తాలంటే జూన్, జూలైలో పదును కావాలి. ఊడలు దిగే వేళకు మళ్ళీ ఒక వాన కావాలి. కాబట్టి ఇక్కడ "మీ పక్క వాన పడిందా?" అన్నది పలకరింపూ అవుతుంది, నిజమైన ప్రశ్నా అవుతుంది. ఏది ఎప్పుడో తెలుసుకోవాలి.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు, మాట ఎక్కడ వచ్చిందో చూస్తే చాలు. మనుషులు ఎదురైన మొదటి క్షణంలో వస్తే అది పలకరింపు. "యాడ, నాలుగు చినుకులు. మీ పక్క?" అంటే సరిపోతుంది. అదే ప్రశ్న టీ తాగడం సగమయ్యాక, "అవునూ, మొన్నటి వానకు పదునైందా?" అని మళ్ళీ వచ్చిందంటే అడిగేవాడు నిజంగానే అడుగుతున్నాడు. విత్తనం ఇంట్లో పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. అప్పుడు నవ్వి ఊరుకుంటే అన్యాయం. దుక్కికి సరిపోయిందా, విత్తనానికి సరిపోయిందా, ఏ చేనుకు పడింది, ఏ చేనుకు పడలేదు, అన్నీ చెప్పాలి. ఒక గట్టుకు ఇవతల తడిసి అవతల ఎండే ఊళ్ళు మనవి.

'అయింది' అబద్ధమా?

తినకుండా తిన్నామనడం అబద్ధం కాదా అని కొందరు పిల్లలు అడుగుతుంటారు. ప్రశ్న చిన్నదేమీ కాదు. అమెరికాలో హార్వీ శాక్స్ అనే ఆయన రోజువారీ సంభాషణలను రికార్డు చేసి ఒక్కో మాటనూ పరిశీలించాడు. "ఎలా ఉన్నారు?" అంటే నిజం చెప్పడం ప్రతిసారీ సాధ్యం కాదని ఆయన వివరించాడు. "బాగాలేదు" అన్నామంటే ఎదుటివాడు "ఏమైంది?" అనక తప్పదు. ఆ సంగతి అందరితో చెప్పుకునేది కాదు. కాబట్టి దారిలో కలిసిన ప్రతివాడితోనూ "బాగున్నాం" అనే అనాలి. 1975లో అచ్చయిన ఆ వ్యాసానికి, అబద్ధమాడక ఎవరికీ తప్పదన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఇక్కడ మన పెద్దవాళ్ళు ఒక మంచి మాట వాడారనిపిస్తుంది. "ఎలా ఉన్నారు?" అంటే "అల్హందులిల్లాహ్" అంటారు, లేదా దక్కనీలో "శుకర్ హై అల్లా కా" అంటారు. సుఖంలోనూ ఆ మాట నిజమే, కష్టంలోనూ నిజమే. శాక్స్ చెప్పిన ఇరకాటం దానికి అంటదు. అబద్ధమూ ఆడలేదు, గుట్టూ విప్పలేదు. కానీ దానివల్లే ఒక చిక్కు వస్తుంది. అన్ని కాలాల్లోనూ ఒకే జవాబు వస్తుంటే లోపల ఏముందో అడిగినవాడికి ఎలా తెలుస్తుంది?

గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు 1980లో సరిగ్గా దీని మీదే రాసింది. మనసులో కష్టం ఉన్నవాళ్ళు "బాగున్నాం" అనే చెబుతారు గానీ, రోజూ చెప్పే మాట కన్నా ఒక పిసరు తగ్గించి చెబుతారని ఆమె గమనించింది. అది ఫిర్యాదు కాదు. మనకు వినాలని ఉంటే వినిపిస్తుంది, లేకపోతే దాటిపోవచ్చు. తలుపు వేసే ఉంటుంది, గడియ మాత్రం పెట్టి ఉండదు. మన దగ్గర "బాగుండాం" అనే మనిషి "ఏదో ఉండాం" అన్నాడంటే అదీ ఆ తేడా.

ఈ సంగతి మేము పుస్తకం చదివి నేర్చుకోలేదు. 2002లో కరువు గట్టిగా ఉన్న రోజులు. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలి ఖాలాను మేము రోజూ దాటిపోతూ "ఖానా హువా ఖాలా?" అనేవాళ్ళం. "హౌ బాబా, హువా. తుమారా?" అని ఆమె జవాబు. ఏళ్ళ తరబడి ఒకటే మాట. ఒకరోజు మాత్రం "హో జాతా బాబా" అన్నది. 'అయింది' కాదు, 'అవుతుందిలే'. మా అలవాటు కొద్దీ మేమూ తలాడించి వెళ్ళిపోయాం. రోజూ తిరిగి అడిగే 'తుమారా?' కూడా ఆరోజు అడగలేదని అప్పుడు మాకు తట్టలేదు. ఆమె పొయ్యి రెండు రోజులుగా వెలగలేదని మూడోరోజు పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. ఆమె ఎవరినీ చెయ్యి చాపి అడిగే మనిషి కాదు. అడగవలసినంత అడిగింది, ఒక్క మాట మార్చి. వినవలసినవాళ్ళం మేము.

కనుక రోజూ పలకరించడం వల్ల ఉపయోగం ఏమిటని అడిగేవాళ్ళకు మేము ఆ రోజే గుర్తుచేసుకుంటాం. ఆమెను ఎప్పుడూ పలకరించనివాడికి 'హో జాతా'లో తేడా ఏముందో తెలిసేది కాదు. వందసార్లు 'హువా' విన్నవాళ్ళకే ఆ ఒక్కసారి మారిన మాట చెవిన పడాలి. మాకు పడింది గానీ మనసుకు పట్టలేదు. ఆ తర్వాత మేము చేసుకున్న మార్పు చిన్నదే. రోజూ వచ్చే జవాబు మారినా, తిరిగి అడగవలసినవాళ్ళు అడగకపోయినా అక్కడ ఆగుతాం. ఆగి, అదే ప్రశ్న రెండోసారి నెమ్మదిగా అడుగుతాం. మొదటిసారి అడిగింది పలకరింపు, రెండోసారి అడిగింది ప్రశ్న. మనుషులకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. చాలాసార్లు "ఏం లేదులే" అంటారు. కొన్నిసార్లు కూర్చుంటారు.

ఇప్పుడు ఫోన్లలో శుక్రవారం తెల్లవారితే 'జుమా ముబారక్' బొమ్మలు వరుసగా దిగుతాయి. వాటిని చూసి విసుక్కునేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే. మేమూ విసుక్కున్నవాళ్ళమే. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో మాలినోవ్‌స్కీ మాటను తీసుకుని, ఫోనులో "హలో, వినబడుతోందా?" అనడం కూడా ఈ జాతిదేనన్నాడు. తీగ తెగలేదని చూసుకోవడమన్నమాట. గల్ఫులో ఉన్న అన్న ప్రతి శుక్రవారం పంపే గులాబీ బొమ్మ అదే పని చేస్తోంది. దానికి ఇంకో బొమ్మ తిప్పి పంపితే తీగ ఉందని చెప్పినట్టు. "వ అలైకుమ్ అస్సలామ్ అన్నా, రాత్రి డ్యూటీ మారిందా?" అని రాస్తే ఒక మెట్టు పైన. ఉత్తరంలో వచ్చిన సలాముకు కూడా జవాబు ఇవ్వాలని ఇమామ్ నవవీ వంటి ఉలమాలు ఏనాడో చెప్పి ఉన్నారు. ఏ శుక్రవారమైనా ఆ గులాబీ రాకపోతే విసుక్కున్నవాళ్ళే ముందుగా ఫోను చేస్తారు. అది మేము చూశాం.

ఇక ఆ బెంగళూరు కుర్రవాడి సంగతి. తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు తండ్రి ఏమీ చెప్పలేదట. వాడే నడుచుకుంటూ మల్బరీ తోట దాకా వెళ్ళాడు. పెద్దాయన షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఆకు తరుగుతున్నాడు. నడిచేవాడు వీడు, కూర్చున్నవాడు ఆయన.

"బాగుండారా పెద్దనాయనా?"

పెద్దాయన తలెత్తి చూశాడు. పొద్దున బస్టాండులో వీడు బస్సు దిగుతుంటే చూసినవాడే.

"ఎప్పుడొస్తివి నాయనా?"

"ఇప్పుడే పెద్దనాయనా. పురుగులు ఎన్నో జ్వరం?"

"మూడోది" అన్నాడు పెద్దాయన, మంచం మీద పక్కకు జరుగుతూ. "బువ్వ అయిందా?"